పల్లీలు, పుట్నాలు, అరటిపండు, బెల్లంతో బరువు పెరగడం: రోజుకి 35 రూపాయల లెక్క (నా అనుభవం)

నా ఎత్తు 170 సెంటీమీటర్లు. మొదలుపెట్టినప్పుడు బరువు 49 కిలోలు, అంటే బీఎమ్‌ఐ 17 దగ్గర. 18.5 కంటే తక్కువుంటే తక్కువ బరువు కిందే లెక్క, ఆ గీత దాటాలంటే నేను 53.5 కిలోలకి చేరాలి. మెస్‌లో తింటూ, డబ్బాల ప్రొటీన్ పౌడర్ల జోలికి పోకుండా, కిరాణా కొట్టులో దొరికే వాటితోనే ఆ నాలుగున్నర కిలోలు ఎలా పెరిగానో ఇక్కడ రాస్తున్నాను. కొలతలన్నీ వంటింటి తూకం మీద వేసి చూసినవి. ధరలు మా వీధి కొట్టువి, మీ దగ్గర కాస్త అటూఇటూ ఉండొచ్చు.

ముందు లెక్క ఒకటి తేల్చుకోవాలి. ఒంట్లో ఒక కిలో పెరగాలంటే ఖర్చయ్యే దానికి పైన సుమారు 7,700 క్యాలరీలు ఎక్కువ పడాలి అంటారు. రోజుకి 500 అదనంగా తింటే, కాగితం మీద వారానికి అర కిలో దగ్గరికి రావాలి. నిజానికి అంత రాదు. తిండి పెరిగితే శరీరం కూడా కొంత ఎక్కువ ఖర్చు పెడుతుంది, తెలియకుండానే కదలికలు పెరుగుతాయి. వారానికి పావు కిలో నుంచి 400 గ్రాముల దాకా వస్తే బాగా నడుస్తున్నట్టే. అంతకంటే వేగంగా పెరిగితే అందులో కొవ్వు వాటా ఎక్కువగా ఉంటుంది.

ఈ లెక్కలో అసలు చిక్కు ఆ "అదనంగా" అన్న మాట దగ్గరే ఉంది. సన్నగా ఉండేవాళ్ళకి ఆకలి తొందరగా తీరిపోతుంది. సాయంత్రం ఆరింటికి గుప్పెళ్ళ కొద్దీ పల్లీలు నమిలితే రాత్రి అన్నం సగం ప్లేటులోనే మిగులుతుంది. 400 క్యాలరీలు తిన్నామనుకుంటాం, 350 వదిలేశామన్న సంగతి గమనించం. నెల గడిచినా కాటా ముల్లు కదలకపోవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం. అందుకే ఏం తిన్నామన్న దానితో సమానంగా, అది ఏ రూపంలో తిన్నాం, ఎప్పుడు తిన్నాం అన్నవి కూడా చూసుకోవాలి. మెత్తగా రుబ్బినవీ తాగేవీ పొట్టలో తక్కువ చోటు తీసుకుంటాయి, ఆకలిని తక్కువ చంపుతాయి.

ముందుగా పల్లీల సంగతి, ఎందుకంటే ఖర్చుకి తగ్గ బలం వీటిలోనే ఎక్కువ. 100 గ్రాముల పల్లీల్లో 550 నుంచి 570 క్యాలరీలు, 25 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటాయి. బరువులో దాదాపు సగం నూనే కాబట్టి అంత శక్తి. కిలో 150 రూపాయలనుకుంటే, 500 క్యాలరీలకి 13, 14 రూపాయలు. పెద్దవాళ్ళ గుప్పెడు నిండా పోస్తే 30 గ్రాములు వస్తాయి, అంటే 170 క్యాలరీలు.

పల్లీలు కొనేటప్పుడు గింజ చూసి కొనాలి. ముడుచుకుపోయినవి, పొట్టు కింద నల్లగానో పచ్చగానో మచ్చలున్నవి, బూజు వాసన వేసేవి తీసెయ్యాలి. తడి తగిలిన వేరుశనగ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. వేయించాక నోట్లో చేదుగా తగిలిన గింజని మింగకుండా ఉమ్మెయ్యమని మన ఇళ్ళల్లో చెప్పే మాట అక్షరాలా పాటించదగ్గది. ఒకటో రెండో గింజలు తినేవాళ్ళకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. రోజూ 50, 60 గ్రాములు నెలల తరబడి తినేవాళ్ళకి మాత్రం పెద్ద విషయమే. అందుకే నేను ముక్కలు కలిసిన చౌక రకం కొనను, పొడి ప్యాకెట్లలో ఎప్పుడో పట్టించి పెట్టిన పల్లీ పొడి అసలే కొనను. కిలో కొన్నాక పళ్ళెంలో పోసి ఐదు నిమిషాలు ఏరుకుంటాను.

నానబెట్టినవా, ఉడికించినవా, వేయించినవా అని చాలామంది అడుగుతారు. ఉడికించిన పల్లీలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అదే 100 గ్రాములు తూచితే 320 క్యాలరీల దాకానే ఉంటాయి, పొట్ట మాత్రం నిండుతుంది. చిరుతిండిగా బాగుంటాయి గానీ మన పనికి నప్పవు. వేయించినవి మంచివే, కానీ గింజగింజగా నమిలితే కొంత నూనె జీర్ణం కాకుండా అలాగే బయటికి పోతుంది. పూర్తిగా నలగని ముక్కల్లోని నూనె పేగులకి అందదు. అదే గింజని ముద్దగా రుబ్బితే శక్తి దాదాపు మొత్తం దక్కుతుంది. పీనట్ బటర్ చేసుకోవడం వెనక ఉన్న అసలు లాభం ఇదే.

పీనట్ బటర్ ఇంట్లో చెయ్యడానికి కావలసింది పల్లీలు, చిటికెడు ఉప్పు, పొడి మిక్సీ జారు. అర కిలో పల్లీలు మందపాటి మూకుడులో చిన్న మంట మీద కలుపుతూ 12 నుంచి 15 నిమిషాలు వేయించాలి. మొదట్లో చిటపటలాడతాయి, తర్వాత ఆ చప్పుడు తగ్గుతుంది. ఒక గింజ తీసి చల్లార్చి వేళ్ళతో నలిపితే పొట్టు జారిపోవాలి, లోపల గింజ లేత గోధుమ రంగులో ఉండాలి. ఆ రంగు రాగానే స్టవ్ కట్టేసి వెంటనే పళ్ళెంలోకి పొయ్యాలి. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా వేగి, మాడిన చేదు వస్తుంది. పెద్ద మంట పెడితే పైన నల్లబడి లోపల పచ్చి మిగులుతుంది, అలాంటి గింజతో చేసిన ముద్ద గొంతులో గీరుతుంది.

పొట్టు పూర్తిగా తియ్యాల్సిన అవసరం లేదు. చేతుల మధ్య నలిపి, చేటలో చెరిగితే పోయినంత పోతుంది. గోరువెచ్చగా ఉండగానే జారులో వెయ్యాలి. వేడిగా ఉంటే మూతలో ఆవిరి పట్టి తడి చేరుతుంది, పూర్తిగా చల్లారితే నూనె ఊరడానికి ఆలస్యమవుతుంది. జారు సగానికి మించి నింపకూడదు. అర కిలోని రెండు మూడు వాయిలుగా వేసుకుంటే మంచిది.

ఇక్కడ ఓపిక కావాలి. మొదట పొడి అవుతుంది. తర్వాత ఆ పొడి తడిసినట్టై అంచులకి అంటుకుంటుంది, బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే "మా మిక్సీలో రాదు" అని ఆపేస్తారు, లేదా నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోస్తే ముద్ద బిగుసుకుపోయి పచ్చడిలా తయారవుతుంది, రెండో రోజుకే పాడవుతుంది. చెయ్యాల్సింది ఒకటే, గరిటెతో అంచులు గీకి కిందికి దించి మళ్ళీ తిప్పడం. అర నిమిషం తిప్పి ఒక నిమిషం ఆపాలి. ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. అలా నాలుగైదు సార్లు గీకాక అదంతా ఒక ఉండలా చేరి, ఆ ఉండ ఉన్నట్టుండి కరిగి దోసెపిండిలా జారుతుంది. పల్లీ నూనె బయటపడిన క్షణం అది. అప్పుడు ఉప్పు వేసి ఇంకొక అర నిమిషం తిప్పితే చాలు. పాత పల్లీలైతే నూనె తక్కువగా ఊరుతుంది, అప్పుడు ఒక చెంచా పల్లీ నూనె కలుపుకోవచ్చు.

తీపి కోసం బెల్లం ఇందులోనే వేసి రుబ్బుదామని అనిపిస్తుంది. వెయ్యకండి. బెల్లంలో తేమ ఉంటుంది, దానికి ముద్ద గట్టిపడిపోతుంది. తినేటప్పుడు పైన చల్లుకోవడమే మేలు. పొడి గాజు సీసాలో పెట్టి, పొడి చెంచా వాడితే బయట మూడు వారాలు, ఫ్రిజ్‌లో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. పైన నూనె తేలడం మామూలే, కలుపుకుంటే సరి. కంపు నూనె వాసన, అదే జిడ్డు పాతబడ్డ వాసన వస్తే పారెయ్యాలి.

కొట్టులో కొనేవాళ్ళు సీసా వెనక చూడండి. పల్లీలు, ఉప్పు అని మాత్రమే ఉంటే మంచిదే. చక్కెర, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఆయిల్ అని ఉంటే మీరు పల్లీల ధరకి పంచదార, వనస్పతి కొంటున్నట్టు. ఒక పెద్ద చెంచా, అంటే 16 గ్రాముల ముద్ద, 95 క్యాలరీల దాకా ఇస్తుంది. చపాతీకో బ్రెడ్డుకో రెండు చెంచాలు పూస్తే అన్నం ఏమాత్రం తగ్గకుండా 190 చేరతాయి.

ఇక సత్తు సంగతి. ఇది బీహార్, జార్ఖండ్, తూర్పు ఉత్తరప్రదేశ్ వాళ్ళ తిండి. శనగల్ని ఇసుకలో వేయించి పొడి కొడతారు. ఎండాకాలంలో నీళ్ళలో కలిపి ఉప్పు, నిమ్మరసం, ఉల్లిపాయ వేసి తాగుతారు, పరాటాల్లోనూ, లిట్టీ అనే కాల్చిన గోధుమపిండి ఉండల్లోనూ కూరుతారు. మన ఊళ్ళల్లో ప్యాకెట్ సత్తు దొరికినా ధర ఎక్కువగా ఉంటుంది. దానికి దగ్గరి చుట్టం మన దగ్గర ప్రతి కొట్టులోనూ ఉంది: పుట్నాలు, గుల్లశనగపప్పు అని కూడా అంటాం. చట్నీకి వాడే ఆ పప్పునే మిక్సీలో మెత్తగా పట్టి జల్లిస్తే పని జరిగిపోతుంది. బీహార్ సత్తులో పొట్టు కొంత ఉండటం వల్ల పీచు ఎక్కువ, పుట్నాల పొడిలో తక్కువ. క్యాలరీలు, ప్రొటీన్ విషయంలో పెద్ద తేడా లేదు. రెండూ 100 గ్రాములకి 370 నుంచి 400 క్యాలరీలు, 20 గ్రాముల పైన ప్రొటీన్.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పుట్నాల పొడి, బజ్జీలకి వాడే శనగపిండి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. శనగపిండి పచ్చిపప్పు పట్టింది, పుట్నాలు ముందే వేగినవి. శనగపిండి పాలల్లో కలుపుకుని తాగితే కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు రావచ్చు. చిటికెడు నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది: పుట్నాల పొడి కమ్మగా ఉంటుంది, శనగపిండి పచ్చివాసనతో కొంచెం చేదుగా తగులుతుంది.

ఇప్పుడు నేను రోజూ తాగిన గ్లాసు. పుట్నాల పొడి 40 గ్రాములు, అంటే నిండు పెద్ద చెంచాలు నాలుగు, దాదాపు 150 క్యాలరీలు. పల్లీ ముద్ద రెండు పెద్ద చెంచాలు, 190. పెద్ద పచ్చ అరటిపండ్లు రెండు, 200. కర్పూర అరటి అయితే చిన్నవి కాబట్టి మూడు వెయ్యాలి. బెల్లం పొడి 15 గ్రాములు, 55. టోన్డ్ పాలు 200 మిల్లీలీటర్లు, 120. మొత్తం కలిపితే 700కి కాస్త పైన. పాలకి 12 రూపాయలు, పండ్లకి 10 నుంచి 12, పల్లీలకి 5, పుట్నాలకి 5, బెల్లానికి ఒకటి. 35 రూపాయల్లో అయిపోతుంది. పాలు లేనివాళ్ళు నీళ్ళతో కలిపినా 590 దాకా వస్తాయి, ఖర్చు 23కి దిగుతుంది.

కలిపే వరుస కూడా చెప్పాలి. పొడిని ముందు కొద్దిగా చల్లటి పాలతో ఉండలు లేకుండా కలపాలి, తర్వాత మిగతావి వేసి మిక్సీ తిప్పాలి. పొడి మీద ఒక్కసారిగా పాలన్నీ పోస్తే ఉండలు కట్టి అడుగున మిగిలిపోతుంది, తాగాల్సిన ప్రొటీన్ గ్లాసు కడిగే నీళ్ళలో పోతుంది. మరిగే పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి, అందుకే పాలు గోరువెచ్చన అయ్యాకే వెయ్యాలి. బెల్లంలో చెరకు పీచు, ఇసుక ఉండొచ్చు కాబట్టి కొద్ది నీళ్ళలో కరిగించి వడకడితే మంచిది. మరీ పసుపుపచ్చగా మెరిసే బెల్లం కంటే గోధుమ రంగులో ముదురుగా ఉన్నది కొంటాను. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. మిగిలిన వాటితో పోలిస్తే బెల్లం నుంచి పెద్దగా ఆశించొద్దు. అది ప్రధానంగా చక్కెరే, అందులోని ఐరన్ ఒక చెంచాలో లెక్కకి రానంత తక్కువ. గ్లాసు ఇష్టంగా దిగడానికే అది.

ఈ గ్లాసు మొత్తం ఒకేసారి తాగకూడదు. సగం పొద్దున టిఫిన్ అయిన అరగంటకి, సగం రాత్రి భోజనం అయ్యాక పడుకోబోయే గంట ముందు. అన్నానికి ముందు తాగితే అన్నం తగ్గుతుందని పైన చెప్పినదే కారణం. మిగిలిన సగాన్ని బయట పెట్టకండి, పల్లీ, పాలు, పండు కలిసినది ఎండాకాలంలో మధ్యాహ్నానికే పులుస్తుంది. ఫ్రిజ్ లేకపోతే పొడి విడిగా కట్టుకుని, పాలు పండు అప్పటికప్పుడు కలుపుకోవాలి.

మొదటి వారం పూర్తి కొలత వద్దు. పుట్నాలు 15 గ్రాములు, పల్లీ ముద్ద ఒక చెంచాతో మొదలుపెట్టి, నాలుగు రోజులకోసారి పెంచాలి. శనగలోని కొన్ని పిండిపదార్థాలు పేగుల్లో పులిసి గ్యాస్ చేస్తాయి, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. మలబద్ధకం వస్తే నీళ్ళు తక్కువ తాగుతున్నారేమో చూసుకోండి. పాలు తాగినప్పుడల్లా కడుపు గడబిడ అయితే పాల స్థానంలో పెరుగు వేసి చూడండి, చాలామందికి పడుతుంది.

మిక్సీ లేని హాస్టల్ గదిలో ఉండేవాళ్ళకి పల్లీ ఉండలు నయం. ఇంటికి వెళ్ళినప్పుడు 250 గ్రాముల వేయించిన పల్లీలు, 150 గ్రాముల తురిమిన బెల్లం కలిపి రోట్లో దంచాలి, లేదా మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. పాకం అక్కర్లేదు, నెయ్యి అక్కర్లేదు, పల్లీ నూనే బెల్లాన్ని పట్టుకుంటుంది. పల్లీలు చల్లారిపోతే ఉండ కట్టదు, విరిగిపోతుంది. అప్పుడు మిశ్రమాన్ని మూకుడులో కొద్దిగా వెచ్చజేస్తే సరిపోతుంది. 16 ఉండలు చేస్తే ఒక్కోటి 25 గ్రాములు, 125 క్యాలరీల దగ్గర. డబ్బాలో పది, పదిహేను రోజులు నిలవ ఉంటాయి. భోజనం అయ్యాక రెండు తింటే 250.

కాటా ఎక్కే పద్ధతి కూడా ముఖ్యమే. వారానికి ఒకే రోజు, పొద్దున్నే దొడ్డికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద చూడాలి. మొదటి వారంలో కిలో పెరిగిందని సంబరపడొద్దు, అందులో ఎక్కువ భాగం నీళ్ళూ, పేగుల్లో ఉన్న తిండీ. అసలు లెక్క మూడో వారం నుంచి మొదలవుతుంది. రెండు వారాలు వరసగా ముల్లు కదలకపోతే గ్లాసులో ఇంకేం కలపాలా అని చూడకముందు, అన్నం ఎంత తింటున్నారో మూడు రోజులు రాసి చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అన్నం తగ్గలేదని తేలితే అప్పుడు ఒక చెంచా పల్లీ ముద్ద, ఒక పండు పెంచితే 200 చేరతాయి. నాకు మొదటి రెండు నెలలు బాగా పెరిగింది, తర్వాత నెమ్మదించింది, 54కి చేరడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది.

పెరిగేది పొట్ట దగ్గరే చేరకుండా ఉండాలంటే వారానికి మూడు రోజులైనా దండీలు, బైఠక్‌లు, లేదా బరువులెత్తడం కావాలి. ఆహారంలో ప్రొటీన్ కూడా సరిపోవాలి. పల్లీలో, శనగలో కొన్ని అమైనో ఆమ్లాలు తక్కువ, అన్నంతో, పాలతో కలిసినప్పుడు ఆ లోటు తీరుతుంది. గుడ్డు తినేవాళ్ళు రోజుకి రెండు కలుపుకుంటే ఇంకా బాగుంటుంది.

ఇదంతా ఆరోగ్యంగా ఉండి, సరిపడా తినక సన్నగా ఉన్నవాళ్ళకి. బాగానే తింటున్నా బరువు తగ్గిపోతుంటే, రాత్రిళ్ళు జ్వరం, దగ్గు, అతిదాహం, గుండె దడ లాంటివి ఉంటే ముందు టీబీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి, ఈ గ్లాసు వాటికి మందు కాదు. షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఈ కొలతలు పాటించొద్దు. పల్లీలు పడనివాళ్ళు, అంటే తిన్నాక పెదాలు ఉబ్బడం, దద్దుర్లు, ఊపిరి అందకపోవడం లాంటివి వచ్చినవాళ్ళు, ఇంకోసారి ప్రయత్నించకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలకి గింజ పల్లీలు గొంతుకి అడ్డం పడతాయి, పొడి చేసి అన్నంలోనో పాలలోనో కలిపి పెట్టాలి.

అనుకున్న బరువు వచ్చాక గ్లాసు ఒక్కసారిగా ఆపితే నెలా రెండు నెలల్లో కిలో, రెండు కిలోలు జారిపోతాయి. పెరిగిన శరీరానికి ముందుకంటే ఎక్కువ తిండి కావాలి కదా. నేను రాత్రి సగం మానేసి, పొద్దుటి సగం గ్లాసు మాత్రం కొనసాగిస్తున్నాను, బరువు 54, 55 మధ్య నిలబడింది.